సగం బెర్త్ పూర్తి బెర్త్ అయ్యేదెప్పుడు?

స్లీపర్ బోగీలో నడిచే దారికి ఒక పక్క ఆరు బెర్తులు, కిటికీని ఆనుకుని రెండో పక్క రెండు బెర్తులు ఉంటాయి. ఆ రెండిట్లో కిందిది సైడ్ లోయర్. 7, 15, 23, 31... ఇలా ఎనిమిదేసి పెరుగుతూ పోయే నంబర్లన్నీ అవే. పగలు అది ఎదురెదురుగా ఉండే రెండు కుర్చీలు. వాటి వీపుపలకలు మధ్యలోకి వాలిస్తే పడక అవుతుంది. ఆర్‌ఏసీ అంటే ఈ ఒక్క పడక మీద ఇద్దరికి చోటు. మీకొక కుర్చీ, ఎదుటివారికొక కుర్చీ. రాత్రికి వాలిస్తే ఒకరి తల ఇటు, ఒకరి తల అటు.

వెయిటింగ్ లిస్టుకీ దీనికీ తేడా చాలామందికి స్పష్టంగా తెలియదు. ఆన్‌లైన్‌లో తీసుకున్న వెయిటింగ్ టికెట్‌లో చార్ట్ తయారయ్యేసరికి ఎవరికీ చోటు దొరక్కపోతే అది దానంతట అదే రద్దయిపోతుంది. ఆర్‌ఏసీ టికెట్ రద్దు కాదు. మీ పేరు చార్టులో ఉంటుంది, బోగీ నంబరు, సీటు నంబరు ఉంటాయి, హక్కుగా రైలెక్కవచ్చు. కూర్చునే చోటుకు ఢోకా లేదు. తేలాల్సిందల్లా పడుకునే చోటు సంగతే.

అది తేలేది వరుసను బట్టి. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్ తీసుకున్నారనుకుందాం. బుక్ చేసిన రోజు RAC 34 వచ్చింది. ఈ అంకె ఇక మారదు, అది మీరు వరుసలో చేరిన చోటు. నాలుగు రోజుల తర్వాత చూస్తే పక్కన RAC 11 అని కనిపిస్తుంది. మీరు చూసుకోవాల్సింది దీన్నే. అంటే కన్‌ఫర్మ్ అయినవాళ్ళో, వరుసలో మీకంటే ముందున్నవాళ్ళో ఇరవై ముగ్గురు టికెట్లు రద్దు చేసుకున్నారన్నమాట. కన్‌ఫర్మ్ అయినవారు ఒకరు తప్పుకుంటే RAC 1కి ఆ బెర్త్ దక్కుతుంది, మిగతావాళ్ళంతా ఒక్కో మెట్టు ముందుకొస్తారు, వెయిటింగ్‌లో మొదటివారు ఆర్‌ఏసీలోకి వస్తారు. మీ వెనక ఉన్నవాళ్ళు ఎంతమంది రద్దు చేసుకున్నా మీ అంకె కదలదు. తత్కాల్ టికెట్ల లెక్క వేరు, వాటిలో ఆర్‌ఏసీ ఉండదు.

తర్వాతి మలుపు చార్ట్ తయారీ. ఇది ఒకప్పుడు రైలు బయల్దేరడానికి నాలుగు గంటల ముందు జరిగేది. 2025లో ఆ గడువును బాగా ముందుకు జరిపారు కాబట్టి పాత అలవాటుతో చివరి గంటల దాకా ఆగి చూడనక్కర్లేదు. రకరకాల కోటాల కింద పక్కన పెట్టిన బెర్తుల్లో ఎవరూ వాడుకోనివి అప్పుడే జనరల్ వరుసకు వస్తాయి. మన ఉదాహరణలో అలా ఏడు బెర్తులు వచ్చాయనుకోండి. RAC 11 కాస్తా నాలుగో స్థానానికి చేరుతుంది. బెర్త్ మాత్రం ఇంకా రాలేదు. తెర మీద RAC పక్కన S5, 31 అని కనిపిస్తుంది. రైలు కదలడానికి అరగంట ముందు రెండో చార్ట్ వస్తుంది. మధ్యలో ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ మార్పు అందులో తేలుతుంది.

ఆ తర్వాత ఆశ టీటీఈ చేతిలోని యంత్రం మీద. ఇప్పుడు చాలా రైళ్ళలో కాగితపు చార్ట్ బదులు చేతిలో పట్టుకునే చిన్న యంత్రం ఉంటోంది. టీటీఈ బోగీలన్నీ తిరుగుతూ ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని నొక్కుకుంటూ పోతారు. రానివారి బెర్త్ ఆర్‌ఏసీ వరుసలో ముందున్నవారికి వెళుతుంది. విశాఖలో ఎక్కాల్సిన ముగ్గురు రాలేదు. మీ ముందున్న ముగ్గురికీ అవి దక్కాయి, ఇప్పుడు వరుసలో మొదటివారు మీరే. రాజమండ్రిలో ఎక్కాల్సిన మరొకరు రాలేదు. S8లో 42, మిడిల్ బెర్త్, మీదయింది. దీనికి రూపాయి కూడా అదనంగా కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగితే అది లంచమే.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, ఖాళీ బెర్త్ కనపడగానే వెళ్ళి పడుకోవడం. అనకాపల్లి దాటాక ఖాళీగా ఉన్న బెర్త్ ఏలూరులో ఎక్కేవారి పేరున ఉండవచ్చు. మధ్యలో ఎవరో దిగిపోతే ఖాళీ అయిన బెర్త్ కూడా అక్కడినుంచి మరొకరికి ముందే అమ్ముడై ఉండవచ్చు. అర్ధరాత్రి విజయవాడలో ఎవరో తట్టి లేపితే మళ్ళీ సంచీ భుజానికెత్తుకోవాల్సిందే. రెండోది ఇంతకంటే నష్టం: మీ సీట్లో మీరు లేకపోవడం. స్నేహితులున్నారని వేరే బోగీలో కూర్చుంటే, టీటీఈ S5, 31 దగ్గరకు వచ్చినప్పుడు మీరు రాలేదని నమోదవుతుంది. వరుసలో మీ వంతు కూడా పోతుంది. తనిఖీ అయ్యేదాకా మీ కుర్చీలోనే ఉండండి. "సార్, నాది ఆర్‌ఏసీ, ఏదైనా ఖాళీ అయితే చూడండి" అని ఒక్క మాట చెప్పి ఉంచడంలో తప్పు లేదు. యంత్రంలో వరుస ఉన్నా, మీరు ఏ బోగీలో ఉన్నారో ఆయనకు గుర్తుండటం మంచిదే.

మీరు S8కి వెళ్ళిపోతే 31లో ఉన్న తోటి ప్రయాణికుడికి కాళ్ళు చాపుకునే వీలొస్తుంది. అలాగే ఆయనే రాకపోయినా, ఆయనకే ముందు వేరే బెర్త్ దొరికినా ఆ చోటంతా మీ చేతికొస్తుంది. కానీ టీటీఈ నమోదు చేసేదాకా దాన్ని పూర్తి బెర్త్ అనుకోకండి. ఆ సగంలో వరుసలో ఉన్న మరొకరిని కూర్చోబెట్టవచ్చు.

ఏదీ కలిసిరాకపోతే రాత్రంతా ఇద్దరూ సర్దుకోవాల్సిందే. పగటిపూట సైడ్ అప్పర్ వారికి కూడా కింద కూర్చునే హక్కుంటుంది కాబట్టి ఒక్కోసారి ఆ రెండు కుర్చీల మీద ముగ్గురవుతారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆ హక్కు ఉండదు, పైవారు పైనే ఉండాలి. కింది ఇద్దరూ ఒకేసారి నిద్రపోవడం కష్టం. సగం రాత్రి ఒకరు, మిగతా సగం మరొకరు అని ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మూడు నాలుగు గంటల నిద్రయినా దక్కుతుంది. ఆడవాళ్ళకు పరిచయం లేని మగవారితో పడక పంచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం మొహమాటపడి ఊరుకోవద్దు. బోగీలో మరో ఆర్‌ఏసీ మహిళ ఉంటే సీట్లు మార్చమని టీటీఈని అడగండి. పడుకునే వేళ దాకా ఆగకుండా ఆయన మొదటిసారి వచ్చినప్పుడే చెబితే పని సులువు.

ఏసీ బోగీల్లో ఒకప్పుడు ఇద్దరు ఆర్‌ఏసీ ప్రయాణికులకు ఒకే పక్కబట్టల సెట్టు ఇచ్చేవారు. ఇప్పుడు ఎవరి సెట్టు వారిదే. దుప్పటి, తలగడ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, వాటి డబ్బు మీ ఛార్జీలోనే ఉంది.

ఆ ఛార్జీ విషయంలోనే నాకు గట్టి అభ్యంతరం. ఆర్‌ఏసీ ప్రయాణికుడు కట్టేది పూర్తి బెర్త్ ధర. గమ్యం దాకా సగం బెర్త్ మీదే కూర్చుని వచ్చినా, ఆ తేడా తిరిగి రాదు. బెర్త్ ఇచ్చారో లేదో ఇప్పుడు యంత్రంలోనే నమోదవుతోంది కనుక చివరిదాకా సగంతోనే సరిపెట్టుకున్నవారికి కొంత సొమ్ము వెనక్కి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. అంతవరకు ప్రయాణికుడి చేతిలో ఉన్నది ఒక్కటే. రాత్రంతా కూర్చుని వెళ్ళలేననుకుంటే రైలు బయల్దేరడానికి అరగంట ముందులోపు టికెట్ వదులుకోవాలి. అప్పుడు స్వల్ప రుసుము మాత్రమే పట్టుకుని మిగతాది ఇస్తారు. ఆ అరగంట దాటితే ఏమీ రాదు.