ఐన్ కంటే ముందు హా

గల్ఫ్‌కి బయల్దేరే ముందు కాస్త అరబ్బీ నేర్చుకుందామని కూర్చున్న నలభై ఏళ్ల మనిషికి మాటలు వస్తాయి, చిన్న చిన్న వాక్యాలూ పట్టుబడతాయి. బండి ఆగేది మూడు గొంతు అక్షరాల దగ్గర: హా, ఐన్, గైన్. తెలుగులో ఇవి లేవు. మన అక్షరాలతో రాస్తే హ, అ, గ అయిపోతాయి. అలా రాసుకుని బట్టీపట్టినవాళ్లు ఆ రాతనే పలుకుతారు.

ఖురాన్ పఠనం నేర్పే తజ్వీద్ గురువులు గొంతును మూడు అంతస్తులుగా చెబుతారు. అన్నిటికంటే కింద మామూలు హ, దానితో పాటు ఊపిరి టక్కున తెగే హమ్‌జా. నడిమి అంతస్తులో హా, ఐన్. పైన, కొండనాలుక దగ్గర ఖా, గైన్. అంటే హా, ఐన్ ఒకే చోట పుట్టిన జంట. హాలో ఊపిరి మాత్రమే ఉంటుంది, ఐన్‌లో దానికి నాదం కలుస్తుంది. గైన్‌కి జంట ఖా. కానీ రాతలో ఐన్‌కీ గైన్‌కీ ఆకారం ఒక్కటే, తేడా పైన పెట్టే చుక్క. అందుకని ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి సాధన చేసేస్తారు. కంటికి అవి కవలలే గానీ గొంతుకి కావు. సాధన హాతో మొదలుపెట్టి, దాని నుంచి ఐన్‌ని తీయాలి. గైన్‌ని వేరే పూట చూసుకోవాలి. 8వ శతాబ్దంలో బస్రాలో అల్-ఖలీల్ తన నిఘంటువును గొంతు నుంచి పెదాల వైపు వరస పెట్టి, ఐన్‌తో మొదలుపెట్టాడు. అందుకే దాని పేరు కితాబ్ అల్-ఐన్. నేర్చుకునేవాళ్లకి మాత్రం ఆ వరస పనికిరాదు.

మొదటి వారం నోరు తెరవకండి, వినండి. ‘సఅల’ అని మనం రాసే మాటలు అరబ్బీలో రెండున్నాయి. హమ్‌జాతో పలికితే ‘అడిగాడు’, ఐన్‌తో పలికితే ‘దగ్గాడు’. అలాగే ‘అమల్’ హమ్‌జాతో ఆశ, ఐన్‌తో పని. అరబ్బీ మాతృభాషగా ఉన్న ఒకరి చేత ఇలాంటి జంటలను కలగాపులగంగా 10 మాటలు ఫోన్‌లో రికార్డు చేయించుకోండి. ఏది ఏదో కాగితం మీద గుర్తు పెట్టి, తర్వాత సరిచూసుకోండి. పదిలో ఎనిమిది సరిపోయేదాకా పలకడం మొదలుపెట్టి లాభం లేదు. తేడా చెవికి అందకపోతే మన తప్పు మనకే వినబడదు.

ఇక హా. ముందు మన హ గురించి ఒక మాట. గొంతు మీద వేళ్లు పెట్టి ‘మహా’ అనండి. హ దగ్గర కూడా వేళ్లకి అదురు తెలుస్తుంది. అరబ్బీ హాలో ఆ అదురు ఉండకూడదు. అందుకని కళ్లద్దం తుడవడానికి ఆవిరి ఊదినట్టు, గుసగుసగా ‘హా’ అని ఊదండి. వేళ్ల కింద ఏమీ కదలకూడదు. ఊదుతూనే నాలుక మొదలును నెమ్మదిగా వెనక్కి, గొంతు వెనక గోడ వైపు లాగండి. నాలుక కొన కింది పళ్ల వెనకే ఉండాలి. ఊపిరి చప్పుడు సన్నబడి, పదునెక్కుతుంది. అదే హా. ఒకే ఊపిరిలో గుసగుస హ నుంచి హాకి, హా నుంచి మళ్లీ హకి జరుగుతూ ఉంటే మారుతున్నదేమిటో గొంతుకే తెలుస్తుంది. గీరినట్టు గరగర వినిపిస్తే నాలుక వెనక భాగం పైకి లేచి, శబ్దం ఖాలోకి జారిందన్నమాట. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖరాబ్’ అనేటప్పుడు వినిపించే గీత అది. హాలో గీత ఉండదు, అంతా నునుపే.

హా కుదిరాక ఐన్‌కి కొత్తగా పట్టవలసింది ఏమీ లేదు. రెండు సెకన్లు హా పట్టి, దేన్నీ కదపకుండా మధ్యలో గొంతు కలపండి. వేళ్లకి అదురు మొదలైన క్షణం నుంచి వచ్చేది ఐన్. మొదట్లో మేక అరిచినట్టు వస్తుంది, సిగ్గుపడకండి, దారిలోనే ఉన్నారు. అచ్చుల్లో ‘ఆ’తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ‘ఆ’ పలికేటప్పుడు నాలుక మొదలు సహజంగానే వెనక్కి వస్తుంది. ‘ఈ’కి నాలుక ముందుకు పోయి గొంతు విచ్చుకుంటుంది. కాబట్టి ‘ఈ’ని చివరికి వదిలేయండి.

‘సాఅ’ అనే మాట తీసుకుందాం. గంట, గడియారం అని అర్థం. ముందూ వెనకా అకారమే ఉంది కనుక మొదటి మాటగా బాగుంటుంది. ముందు ‘సా’ సాగదీయండి. గొంతు ఆపకుండా నాలుక మొదలును వెనక్కి లాగి, ఒక సెకను నొక్కి, వదిలి ‘అ’ అనండి. రికార్డు వింటే ‘సా’ దగ్గర మొదలైన నాదం చివరిదాకా తెగకుండా ఉండాలి. మధ్యలో టక్కున ఆగితే మీరు పలికింది హమ్‌జా. పెద్దవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే: ఐన్ అంటే గొంతు బిగించి ఆపడం అనుకుంటారు. ఐన్‌లో గొంతు ఇరుకవుతుంది, మూసుకోదు. ‘సాఅ’ నిలకడగా వచ్చాక ‘షారిఅ’కి, అంటే వీధికి వెళ్లొచ్చు. అక్కడ ఇకారం తర్వాత, మాట చివర ఐన్ వస్తుంది. అదే అన్నిటికంటే కష్టం.

గైన్‌ని సాయంత్రానికి పెట్టుకోండి. గుక్కెడు నీళ్లు పోసుకుని పుక్కిలించండి. తర్వాత అరగుక్కెడుతో, ఆ తర్వాత నీళ్లు లేకుండా అదే చేయండి. కొండనాలుక దగ్గర కదలిక ఎక్కడో తెలియడానికే ఈ పుక్కిలింత. అసలు గైన్ అంత గలగలలాడదు. చోటు తెలిశాక ‘గ్’ అనబోయి, నాలుక వెనక భాగాన్ని పైన తాకనివ్వకుండా వెంట్రుకవాసి దూరంలో ఆపి, గొంతు కలిపి ఊపిరి వదలండి. గాలి ఆగకుండా సాగితే గైన్, ఆగి పేలితే మన గ. తెలంగాణ వాళ్లకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట ‘గజల్’, ‘గరీబ్’ విని ఉంటారు కదా, అందులో ఉన్నది ఈ గైనే. ఐన్‌కి మాత్రం ఉర్దూ సాయపడదు, అక్కడది అచ్చులో కలిసిపోయింది. సాధనకి ‘గాలీ’, ‘ఖాలీ’ జంట మంచిది. గైన్‌తో ఖరీదైనది, ఖాతో ఖాళీ. మన ఖాళీ అక్కడి నుంచి వచ్చిందే.

రోజు లెక్క ఇలా వేసుకోవచ్చు. పొద్దున 12 నిమిషాలు: 3 నిమిషాలు వినడం, 4 హా, 5 ఐన్. సాయంత్రం 4 నిమిషాలు గైన్, ఇంకో 3 నిమిషాలు ఆ రోజు మాటలను రికార్డు చేసి వినడం. రెండో వారంలో హా, గైన్‌లతో సరిపెట్టి, మూడో వారంలో ఐన్ చేర్చండి. అప్పటిదాకా ఆ 5 నిమిషాలూ హాకే. ఒకేసారి గంటసేపు కూర్చుంటే గొంతు అలిసి, అలిసిన గొంతు బిగుసుకుని హమ్‌జాలే పలుకుతుంది. గొంతు మండినా, దగ్గు వచ్చినా ఆ పూటకి ఆపేయాలి. జలుబు, గొంతునొప్పి ఉన్న రోజుల్లో వినడమొక్కటే చాలు.

నాలుగైదు వారాలయ్యాక పరీక్ష పెట్టుకోండి. అరబ్బీ మనిషిని ‘బాగా పలికానా?’ అని అడగొద్దు, మర్యాదకి బాగుందనే అంటారు. జంట మాటలు పది, వరస మార్చి చదవండి. అర్థం చెప్పకుండా, తనకి వినబడింది రాయమనండి. ఆయన ‘దగ్గాడు’ అనే చోట ‘అడిగాడు’ అని రాస్తే ఐన్ ఇంకా మూసుకుంటోంది, మళ్లీ ‘సాఅ’కి వెళ్లాలి. ‘ఖరీదు’కి ‘ఖాళీ’ రాస్తే గైన్‌కి గొంతు కలవడం లేదు, గొంతు మీద వేళ్లు పెట్టి చూసుకోవాలి. పదికి పది సరిగ్గా రాసి, మీరు మరీ నొక్కుతున్నారని నవ్వితే, ఇక బలం తగ్గించుకోవడమే మిగిలింది. మామూలు మాటల్లో అరబ్బులు ఐన్‌ని చాలా తేలిగ్గా అనేసి పోతారు.