నిలువునే ఎందుకు కొలుస్తాం

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, వాటి మధ్యగా ఒక గీత గీసి, ప్రతి చుక్కా ఆ గీతకు ఎంత దూరంలో ఉందో కొలవమన్నారు మా స్టాటిస్టిక్స్ మాస్టారు. నేను జామెట్రీ బాక్సులోంచి మూలమట్టం తీసి, గీతకు ఆనించి, ఒక్కో చుక్క నుంచి లంబం దించుకుంటూ పోయాను. బిందువు నుంచి రేఖకు దూరమంటే లంబ దూరమేనని హైస్కూల్లో నేర్పారు కదా. మాస్టారు నా కాగితం చూసి, పెన్సిలు తీసుకుని, ఒక చుక్క నుంచి తిన్నగా కిందికి, నిలువుగా, గీత తగిలేదాకా చిన్న గీటు గీశారు. “అడ్డంగా ఉన్నది తల్లిదండ్రుల ఎత్తు. అది నీకు తెలిసిందే. తెలిసినదాన్ని పక్కకి ఎందుకు జరుపుతున్నావురా?” అన్నారు.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. లంబం దించితే చుక్క గీతను చేరడానికి కొంత కిందికి, కొంత పక్కకి కదులుతుంది. పక్కకి కదలడమంటే తల్లిదండ్రుల ఎత్తును కూడా కాస్త మార్చినట్టే. నిలువుగా కొలిస్తే అది ఉన్నచోటే ఉంటుంది, తేడా అంతా పిల్లల ఎత్తులోనే కనిపిస్తుంది. ఎక్సెల్‌లో ట్రెండ్‌లైన్ నొక్కితే వచ్చే సరళరేఖ కూడా ఇలా నిలువుగా కొలిచినదే. ఆ నిలువు తేడాలను ఒక్కొక్కటీ వర్గం చేసి కూడితే వచ్చే మొత్తం ఏ గీతకు అన్నిటికంటే తక్కువో, ఆ గీతనే ఎంచుకుంటారు. కనిష్ఠ వర్గాల పద్ధతి అనేది దీన్నే.

ముందు వర్గం సంగతి చూద్దాం. గీతను కాసేపు పక్కనపెట్టి, ఒకే ఒక్క సంఖ్యతో మొదలుపెడితే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. ఒకాయన ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లడానికి ఐదు రోజుల్లో పట్టిన సమయం 18, 19, 20, 21, 42 నిమిషాలు అనుకుందాం. ఐదో రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. ఈ ఐదింటికీ బదులుగా ఒక్క సంఖ్య చెప్పాలి. తేడాలను ఉన్నవి ఉన్నట్టు కూడితే ఎక్కువలు, తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకని గుర్తు వదిలేసి పరిమాణం మాత్రమే కూడడం ఒక దారి, వర్గం చేసి కూడడం ఇంకో దారి.

గుర్తు వదిలేసి కూడితే 20 దగ్గర మొత్తం 26 వస్తుంది, 24 దగ్గర 36 వస్తుంది. 20 కంటే తక్కువ మొత్తం ఇచ్చే సంఖ్య లేదు. వర్గం చేసి కూడితే కథ తిరగబడుతుంది: 20 దగ్గర 490, 24 దగ్గర 410. ఇక్కడ గెలిచేది 24. ఆ 20 ఎవరు? వరుసలో నట్టనడుమ ఉన్న సంఖ్య, అంటే మధ్యగతం. 24 ఎవరు? అన్నీ కూడి ఐదుతో భాగిస్తే వచ్చే సగటు. ఇది ఈ అంకెలకు మాత్రమే జరిగింది కాదు, ఎప్పుడూ ఇంతే. వర్గాలను తగ్గించమంటే సగటు దగ్గరికి చేరతాం, ఉత్త తేడాలను తగ్గించమంటే మధ్యగతం దగ్గరికి చేరతాం.

కాబట్టి వర్గం చేయాలా వద్దా అన్న ప్రశ్న వెనక ఉన్న అసలు ప్రశ్న, మనకు కావలసింది సగటా, మధ్యగతమా అన్నది. ఐదు రోజుల్లో దారిలో గడిచిన మొత్తం సమయం కావాలంటే 24ని ఐదుతో గుణిస్తే సరిగ్గా 120 వస్తుంది. 20ని ఐదుతో గుణిస్తే 100 వస్తుంది, ఆ ట్రాఫిక్ రోజు లెక్కలోంచి జారిపోతుంది. కానీ “రేపు మామూలుగా ఎంతసేపు పడుతుంది?” అని అడిగితే 20 చెప్పడమే నిజాయితీ. ఐదు రోజుల్లో ఒక్కరోజు కూడా అతనికి 24 నిమిషాలు పట్టలేదు.

వర్గానికి ఇంకో గుణం ఉంది, అది లెక్కలు చేసేవాళ్లకు ప్రాణం. వర్గాల మొత్తం నునుపైన గిన్నెలా ఉంటుంది, దాని అడుగు ఒక్కటే. ఆ అడుగు ఎక్కడుందో మామూలు సమీకరణాలు రాసి నేరుగా కనుక్కోవచ్చు. ఉత్త తేడాల మొత్తానికి అంచులుంటాయి, ఒక్కోసారి అడుగు బల్లపరుపుగా కూడా ఉంటుంది. 18, 22 అనే రెండే కొలతలుంటే 18, 19, 20.5, 22 ఏది తీసుకున్నా మొత్తం 4 వస్తుంది, ఏది సరైనదో తేలదు. 18వ శతాబ్దంలో బోస్కోవిచ్ భూమి ఆకారాన్ని తేల్చడానికి ఉత్త తేడాలనే కూడాడు. 1805లో లెజాండ్ర్ తోకచుక్కల కక్ష్యల మీద రాసిన పుస్తకానికి చేర్చిన అనుబంధంలో వర్గాల పద్ధతిని ప్రకటించాక, చేత్తో లెక్కలు కట్టే ఖగోళ శాస్త్రవేత్తలు దానికే మొగ్గారు. తాను 1795 నుంచే దాన్ని వాడుతున్నానని గౌస్ 1809లో రాశాడు. ఆ తర్వాత 1820లలో ఆయన దానికి గట్టి ఆధారం చూపించాడు. పొరపాట్లు ఒక పక్కకు ఒరగకుండా, ఒకే స్థాయిలో, ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా ఉంటే, కొలతలను హెచ్చవేసి కూడే నిష్పాక్షికమైన పద్ధతులన్నిట్లోకీ కనిష్ఠ వర్గాలదే తక్కువ ఊగిసలాట. ఇందుకు పొరపాట్లు గంటాకారపు వక్రాన్ని అనుసరించాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు మళ్లీ నిలువు దగ్గరికి వద్దాం. మాస్టారు మాకిచ్చిన అంకెలు ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ప్రచురించిన పట్టికలోవి. 205 జంటలు, వాళ్ల పిల్లలు 928 మంది, అందరూ పెద్దవాళ్లయ్యాక కొలిచిన ఎత్తులు. ఆడవాళ్ల ఎత్తును 1.08తో హెచ్చవేసి మగవాళ్ల ఎత్తుతో సమం చేశాడు. తల్లి, తండ్రి ఎత్తుల సగటును అడ్డంగా, పిల్లల ఎత్తును నిలువుగా పెడదాం. గాల్టన్ స్వయంగా కనిష్ఠ వర్గాలు వాడలేదు. పట్టికలోని వరుసలకు మధ్యగతాలు చూసి, చేత్తో గీత పట్టాడు. ఆయన చెప్పిన ఫలితం ఇది: తల్లిదండ్రుల సగటు మామూలు కంటే 3 అంగుళాలు ఎక్కువైతే, వాళ్ల పిల్లలు సగటున 2 అంగుళాలే ఎక్కువుంటారు. అంటే గీత వాలు మూడింట రెండు వంతులు. ఎక్కువ నుంచి మామూలు వైపు వెనక్కి తగ్గడాన్ని బట్టే ఈ శాస్త్రానికి రిగ్రెషన్ అన్న పేరు వచ్చింది.

అదే పట్టికను అటునుంచి చదవండి. మామూలు కంటే 3 అంగుళాలు ఎక్కువున్న మనిషి తల్లిదండ్రుల సగటు ఎంత ఎక్కువుంటుంది? మొదటి గీతను తిరగేసి చదివితే నాలుగున్నర అంగుళాలు అనాలి. గాల్టన్‌కు పట్టికలో కనిపించింది 1 అంగుళం. ఒకే చుక్కలు, రెండు ప్రశ్నలు, రెండు గీతలు. రెండూ నిజమే. మొదటిది ప్రతి నిలువు చీలికలో పిల్లల సగటును అనుసరిస్తుంది, రెండోది ప్రతి అడ్డ చీలికలో తల్లిదండ్రుల సగటును అనుసరిస్తుంది. వర్గం వల్ల సగటు వచ్చింది, నిలువుగా కొలవడం వల్ల “ఇంత ఎత్తున్న తల్లిదండ్రులకు” అన్న షరతు వచ్చింది. రెండూ కలిస్తేనే ఆ గీతకు అర్థం.

మరి నేను మూలమట్టంతో గీసిన లంబాల సంగతి? గాల్టన్ నిష్పత్తులనే తీసుకుని లెక్క కడదాం. తల్లిదండ్రుల ఎత్తు ఇద్దరి సగటు కాబట్టి దాని చెదురుదనం తక్కువ. పిల్లల ఎత్తు ఒక్కొక్కరిది కాబట్టి ఎక్కువ. అందువల్ల చుక్కల గుంపు నిటారుగా నిలబెట్టి కాస్త పక్కకు ఒరిగించిన కోడిగుడ్డులా ఉంటుంది. లంబ దూరాల వర్గాలను తగ్గించే గీత ఆ గుడ్డు పొడవునా పోతుంది, దాని వాలు సరిగ్గా 2 వస్తుంది. అంటే తల్లిదండ్రులు 3 అంగుళాలు ఎక్కువైతే పిల్లలు 6 అంగుళాలు ఎక్కువుంటారని ఆ గీత చెబుతుంది. పట్టిక చెప్పేది 2. గుడ్డు ఆకారాన్ని వర్ణించడానికి ఆ గీత చక్కగా పనికొస్తుంది, పిల్లల ఎత్తు చెప్పడానికి పనికిరాదు.

ఇక్కడ రెండు వైపులా అంగుళాలే కాబట్టి లంబానికి కనీసం ఒక అర్థముంది. అడ్డంగా కిలోమీటర్లు, నిలువుగా నిమిషాలు ఉంటే ఏటవాలు దూరం ఏ ప్రమాణంలో ఉన్నట్టు? నిమిషాలను గంటలుగా మార్చి చూడండి, లంబాల గీత చుక్కల మధ్య వేరే దారి పట్టి, వేరే జవాబు చెబుతుంది. నిలువు దూరాల గీత ప్రమాణం మార్చుకుంటుందంతే, 24 నిమిషాలన్నచోట 0.4 గంట అంటుంది.

లంబాలకు తమ చోటు లేకపోలేదు. ఒకే బస్తాలను రెండు కాటాల మీద తూచి, వాటి మధ్య సంబంధం కనుక్కోవాలనుకోండి. రెండు కాటాలూ తప్పు చూపేవే, ఏదీ “తెలిసినది” కాదు. కార్ల్ పియర్సన్ 1901లో లంబ దూరాల గీతను ఇలాంటి సందర్భం కోసమే వివరించాడు. అయితే రెండు కాటాల పొరపాట్లూ ఒకే స్థాయిలో ఉంటేనే అది సరిపోతుంది. ఒకటి ఎక్కువ ఊగేదైతే ఆ పొరపాట్ల నిష్పత్తి ఎంతో ముందే చెప్పాలి, అది తెలియాలంటే ఒకే బస్తాను ఒక్కో కాటా మీద పదేపదే తూచి చూడాలి.

ఈ చిక్కును పట్టించుకోకుండా నిలువు గీతే గీస్తే ఏమవుతుంది? గీత చదునైపోతుంది. అడ్డంగా ఉన్న అసలు విలువల చెదురుదనం, వర్గాల్లో కొలిస్తే 4, దానికి కాటా పొరపాటు 1 కలిసిందనుకోండి. అసలు వాలులో ఐదింట నాలుగు వంతులే కనిపిస్తుంది. బస్తాలు ఎన్ని పెంచినా ఈ లోటు పోదు. ఉప్పు తగ్గించితే రక్తపోటు ఎంత దిగుతుందో ఒక్కరోజు తిండి అడిగి లెక్కగడితే, ఉప్పు ప్రభావం ఉన్నదానికంటే తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. మనిషి రోజూ ఒకేలా తినడు, ఆ ఒక్కరోజు లెక్క అతని అలవాటును పూర్తిగా పట్టుకోదు.

వర్గం వసూలు చేసే మూల్యం వేరు. 10 నిమిషాల తేడా ఒక్కటి, 2 నిమిషాల తేడాలు పాతికతో సమానమైన బరువు మోపుతుంది. అలాంటి చుక్క గీత చివర్లో, మిగతావాటికి దూరంగా ఉంటే, తూకపు కర్ర చివర కూర్చున్నట్టు గీతను మొత్తం తనవైపు తిప్పుకుంటుంది. దాన్ని పట్టే ఉపాయం సులువు: ఒక్కో చుక్కనూ తీసేసి మళ్లీ గీత వేయండి. ఒక్కటి తీస్తే వాలు గణనీయంగా మారితే, ఆ గీత అంతదాకా ఆ ఒక్క చుక్క మాటే చెబుతోందన్నమాట. అప్పుడు వెళ్లి ఆ అంకె ఎలా వచ్చిందో చూడాలి. 24కి బదులు 42 అని తిరగరాసిన పొరపాటు అయితే దిద్దుతాం. నిజంగా ట్రాఫిక్‌లో గడిచిన 42 నిమిషాలే అయితే దాన్ని చెరిపేసే హక్కు మనకు లేదు. అప్పుడు ఉత్త తేడాలతో రెండో గీత కూడా వేసి, సగటు ఏమంటోందో, మధ్యగతం ఏమంటోందో పక్కపక్కనే చూపించాలి.