పండుగ నాడు పరీక్షా? సర్క్యులర్‌ను సరిచూద్దాం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో తల్లిదండ్రులు పనుల కోసం హైదరాబాదుకో, బొంబాయికో వెళ్లగా నానమ్మ దగ్గరో, హాస్టల్లోనో ఉండి చదువుకునే పిల్లలు అనేకమంది. అటువంటి ఇళ్లలో ప్రయాణాలన్నీ పాఠశాల సర్క్యులర్‌ను బట్టే నిర్ణయమవుతాయి. అందులో ఒక్క తేదీ తప్పితే పిల్లవాడు పండుగకైనా దూరమవుతాడు, పరీక్షకైనా దూరమవుతాడు. కనుక సర్క్యులర్‌ను పంపే ముందు ఉపాధ్యాయులు, అందుకున్న వెంటనే తల్లిదండ్రులు ఎలా సరిచూడాలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

2025 మార్చి క్యాలెండరును ముందుంచుకుని, సాధారణంగా దొర్లే పొరపాట్లతో మేము ఒక నమూనా సర్క్యులర్‌ను రాసుకున్నాం. దానిపై తేదీ మార్చి 24, సోమవారం. అందులోని విషయం ఇది: "ఉగాది, రంజాన్ సందర్భంగా మార్చి 30 శనివారం నుండి ఏప్రిల్ 1 వరకు సెలవు. ఏప్రిల్ 1 ఉదయం 9 గంటలకు గణితం, ఏప్రిల్ 2 ఉదయం 9 గంటలకు తెలుగు పరీక్ష. వచ్చే శుక్రవారంలోగా ఫీజు చెల్లించాలి."

మొదట వారాలను చూడాలి. ఒకరు తేదీని పైకి చదువుతుండగా మరొకరు క్యాలెండరులో వారం చూసి చెప్పాలి. ఒక్కరే చదివితే కన్ను తప్పును దాటిపోతుంది. 2025 మార్చి 30 ఆదివారం. శనివారం అయినది 2024లో. అంటే నిరుటి కాగితాన్నే తీసి తిరిగి రాశారన్నమాట. సంవత్సరానికి 52 వారాల మీద ఒక రోజు మిగులుతుంది గనుక అదే తేదీ మరుసటి ఏడు ఒక వారం ముందుకు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు వారాలు జరుగుతుంది. 2024 జనవరి 26 శుక్రవారం కాగా, 2025లో అది ఆదివారం కావడానికి కారణం ఇదే. వారం సరిగ్గా ఒకటో రెండో వెనుకబడి కనిపిస్తే నిరుటి నకలేమోనని అనుమానించి, మిగిలిన తేదీలన్నిటినీ మళ్లీ చూడాలి.

రెండవది, తేదీల ఢీ. అన్ని తేదీలనూ ఒకే నెల పట్టికపై గుర్తించాలి. అప్పుడు ఏప్రిల్ 1న సెలవూ, గణితం పరీక్షా ఒకే గడిలో పడతాయి. ఇక్కడ నెలవంక సంగతి కూడా ఉంది. ఆ ఏడు మన దేశంలో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. 29వ ఉపవాసం నాటి సాయంత్రం, అంటే మార్చి 30న, నెలవంక కనబడింది గనుక 31న ఈద్ జరిగింది. కనబడకపోయి ఉంటే ఈద్ ఏప్రిల్ 1న వచ్చేది. తెలంగాణ ప్రభుత్వం ఆ రెండు రోజులనూ సెలవులుగా ప్రకటించింది. పదవ తరగతి పరీక్షల పట్టికలోనూ మార్చి 29న జీవశాస్త్రం తర్వాత, ఏప్రిల్ 2న సాంఘికశాస్త్రం వరకు ఏ పరీక్షా లేదు. పాఠశాల కూడా ఈద్‌కు అటువంటి ఎడమే ఉంచాలి.

ఏప్రిల్ 2 ఉదయం తెలుగు పరీక్షకు మరో చిక్కుంది. ఆ పాఠశాల పదవ తరగతి పరీక్షా కేంద్రమైతే ఆ ఉదయం గదులు ఖాళీగా ఉండవు. తక్కిన తరగతులు మధ్యాహ్నమే నడవాలి. కాబట్టి పట్టికపై మన పాఠశాల తేదీలతోపాటు బోర్డు పరీక్షల తేదీలనూ వేసుకోవాలి.

మూడవది, మాటల అస్పష్టత. "ఏప్రిల్ 1 వరకు" అంటే ఆ రోజు సెలవా, బడా? "ఏప్రిల్ 2, బుధవారం పాఠశాల తిరిగి తెరుస్తాం" అని రాస్తే సందేహం ఉండదు. "వచ్చే శుక్రవారం" అన్నదాన్ని ఒకరు మార్చి 28 అనుకుంటారు, మరొకరు ఏప్రిల్ 4 అనుకుంటారు. తేదీ, వారం రెండూ రాయాలి. పరీక్ష ఏయే తరగతులకో కూడా మన నమూనాలో లేదు. సర్క్యులర్ రాసినవారికి తెలిసిన సంగతి గనుక ఆ లోటు వారికి కనబడదు. ఆ బడితో సంబంధం లేని ఒకరిచేత చదివించి, "పిల్లవాణ్ణి ఏ రోజు, ఎన్ని గంటలకు పంపుతారు?" అని అడిగితే లోటు బయటపడుతుంది.

తప్పు కనిపించినప్పుడు తల్లిదండ్రులు తామే కాగితంపై దిద్దుకుని వాట్సాప్‌లో పంపడం మరింత గందరగోళానికి దారి తీస్తుంది. ఏ వాక్యంలో ఏ తేదీ పొసగడం లేదో ప్రధానోపాధ్యాయులకు రాసి ఇవ్వాలి. పాఠశాల కొత్త సర్క్యులర్‌పై కొత్త తేదీ వేసి, "మార్చి 24 నాటి సర్క్యులర్ రద్దయినది, గణితం, తెలుగు పరీక్షల తేదీలు మారినవి" అని మొదటి వాక్యంలోనే చెప్పాలి. అలా చెప్పకపోతే రెండు కాగితాలూ ఊళ్లో తిరుగుతూనే ఉంటాయి. దూరాన ఉన్న తండ్రి చేతికి ఏది ముందు చేరితే దాన్నిబట్టే బస్సు టిక్కెట్టు కొంటాడు.