మండపం చూడటానికి ఏ వేళకు వెళ్లాలి?

ముహూర్తం రాత్రి 11:30కైతే మండపాన్ని పగలు చూస్తే సగమే తెలుస్తుంది. సాయంత్రం ఏడింటికి వెళ్లండి. రోడ్డు మీద రద్దీ, పార్కింగ్‌లో చీకటి, లైట్లన్నీ వేశాక ఏసీల పనితీరు అప్పుడే బయటపడతాయి. అక్కడ వేరే పెళ్లి ఉన్న రోజు మాత్రం వద్దు, మేనేజరుకు మాట్లాడే తీరిక ఉండదు.

ప్లానర్‌ను రెండు తేదీలు అడిగి, ఇరువైపులా డబ్బు కట్టేవారు, మాట చెల్లే పెద్దవారు కలిసి ఒకటి ఖాయం చేసుకోవాలి. వాళ్లలో ఒక్కరు రాకపోయినా మళ్లీ తిరగాల్సిందే. మొత్తం పనికి గంటన్నర చాలు.

అందులో ఎక్కువసేపు భోజనాల హాల్లో గడపండి. 800 మంది వస్తారని, బంతికి 200 మంది కూర్చుంటారని అనుకుందాం. వడ్డన, భోజనం, బల్లలు తుడవడం కలిపి బంతికి 40 నిమిషాలైతే, నాలుగు బంతులకు 2 గంటల 40 నిమిషాలు. ఏడున్నరకు మొదలుపెడితే పది దాటుతుంది. చివరి బంతిలో కూర్చునేది మన దగ్గరి బంధువులే, పిల్లలతో సహా. అందుకే ఇంకో వంద కుర్చీలు పడతాయేమో అక్కడే కొలిపించాలి.

హాలు ఖాళీ చేసే వేళా అడగండి. గడువు ఉదయం ఆరింటికే అయితే, అప్పగింతలు ఆలస్యమైనప్పుడు అదనపు గంటకు ఎంతో ఒప్పంద పత్రంలో రాయించుకోండి.