వెయ్యి లీటర్ల గానుగ నూనె ఆర్డర్: ఒప్పుకోవాలా, వద్దా? మా లెక్క ఇదీ

గానుగ ఎలా ఆడిస్తామో పై వీడియోలో చూశారు కదా. అందులో చెప్పడానికి కుదరని లెక్కను ఇక్కడ రాస్తున్నాను. చిన్న యూనిట్ నడిపే వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే విషయమే ఇది.

హైదరాబాద్‌లో నాలుగైదు దుకాణాలు నడిపే ఒక సంస్థ ఆగస్టులో ఫోన్ చేసింది. వేరుశనగ నూనె వెయ్యి లీటర్లు కావాలి, నెలలోపు ఇవ్వాలి. మేం లీటరు 400కి అమ్ముతాం, వాళ్లు 320 ఇస్తామన్నారు. డబ్బులు 60 రోజుల తర్వాత. ఇంట్లో అందరికీ సంతోషమే. "ఒకేసారి మూడు లక్షల ఇరవై వేలు రా" అన్నాడు నాన్న. నేను ఒక రోజు టైం అడిగి, కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ముందు గానుగ సంగతి. మాది ఒక్కటే చెక్క గానుగ, మోటారుతో తిరుగుతుంది. ఒక్కో వాయికి 15 కిలోల పల్లీలు పోస్తే గంటకు కాస్త అటూ ఇటూగా 6 లీటర్ల నూనె వస్తుంది. రోజుకు 8 వాయిలు, అంటే 48 లీటర్లు. నెలలో 25 రోజులు ఆడిస్తే 1,200 లీటర్లు. అందులో 800 లీటర్లు మా పాత కస్టమర్లకే పోతాయి. మిగిలేది 400 లీటర్లే.

ఇక ఖర్చు. లీటరు నూనెకు రెండున్నర కిలోల పల్లీలు కావాలి. కిలో 120 చొప్పున 300 రూపాయలు. చెక్క అమ్మితే 56 తిరిగొస్తుంది. కూలీ, కరెంటు 20, సీసా, లేబుల్ 20. మొత్తం 284. మామూలుగా అమ్మితే లీటరుకు 116 మిగులుతుంది, ఈ ఆర్డర్‌లో 36 మాత్రమే.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఖాళీగా ఉన్న గానుగలో ఆడించే 400 లీటర్ల మీద 36 అయినా లాభమే, 14,400 వస్తాయి. మిగతా 600 లీటర్లు పాత కస్టమర్ల వాటాలోంచి తీసివ్వాలి. అప్పుడు లీటరుకు 116 పోయి 36 వస్తుంది. అంటే 80 చొప్పున 48,000 నష్టం. రెండూ కలిపి చూస్తే, ఆర్డర్ లేకపోతే వచ్చే దానికంటే 33,600 తక్కువే వస్తుంది. పైగా 800 లీటర్లు తీసుకునే పాత వాళ్లకు ఆ నెల 200 లీటర్లే మిగులుతాయి.

"రాత్రి కూడా ఆడిద్దాం" అన్నాడు తమ్ముడు. రాత్రి కూలీ ఎక్కువ. లీటరుకు ఇంకో 20 పోయినా 16 మిగులుతుంది కాబట్టి కాగితం మీద బాగానే ఉంది. కానీ నూనె ఐదు రోజులు కదలకుండా తేరాలి. మా స్టీలు డ్రమ్ములు రెండూ కలిపి 300 లీటర్లే పడతాయి. రాత్రీపగలూ ఆడిస్తే ఐదు రోజుల్లో 480 లీటర్లు వస్తుంది. తేరకముందే సీసాల్లో పోస్తే వారంలో అడుగున మడ్డి కనిపిస్తుంది, పూరీలు వేయిస్తే బాణలిలో నురగ పొంగుతుంది. అప్పుడు కస్టమర్ మన మాట నమ్మడు, సీసానే నమ్ముతాడు.

డ్రమ్ములు కొనుక్కోవచ్చు. పల్లీలే దొరకవు. మా అనంతపురం వైపు ఖరీఫ్ కాయ చేతికొచ్చేది అక్టోబరు, నవంబరులోనే. ఆగస్టు మొదట్లో మా గోదాములో ఉన్నది 72 క్వింటాళ్లు. అక్టోబరు దాకా పాత కస్టమర్లకే నెలకు 20 చొప్పున 60 క్వింటాళ్లు కావాలి. మిగులు 12. వెయ్యి లీటర్లకు కావాల్సింది 25. తక్కువైన 13 క్వింటాళ్లు మార్కెట్లో కొంటే, అవి ఏ మందులు కొట్టిన పొలంలోవో ఎవరికి తెలుసు? ప్రకృతి సేద్యం అని లేబుల్ వేసి ఆ నూనె అమ్మలేం.

అందుకే మర్నాడు ఫోన్ చేసి ఇలా చెప్పాను: "400 లీటర్లు ఇస్తాం, లీటరు 330. సగం అడ్వాన్సు కావాలి. మిగతా 600 కొత్త పంట వచ్చాక డిసెంబరులో మాట్లాడుకుందాం." 60 రోజుల అప్పు కుదరదని కూడా చెప్పాను. మాకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు తీసుకున్న 45 రోజుల్లోపే డబ్బు కట్టాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు.

వాళ్లు రెండు రోజులు ఆలోచించి 400 లీటర్లకు ఒప్పుకున్నారు. ఆ 10 క్వింటాళ్లు పోగా మాకింకా 2 మిగిలాయి.

మీకూ ఇలాంటి ఆర్డర్ వస్తే డిస్కౌంటు సంగతి తర్వాత చూడండి. ముందు గోదాములోకి వెళ్లి బస్తాలు లెక్కపెట్టండి. కొత్త పంట వచ్చేదాకా పాత కస్టమర్లకు ఎంత కావాలో తీసేయండి. మిగిలిన దానికే బేరం ఆడండి. మీ లెక్క ఎక్కడైనా తేడాగా వస్తే కింద రాయండి, కలిసి చూద్దాం.