పన్నెండో తేదీ దాకా దొరకని తప్పు

విజయవాడలోని ఓ క్లినిక్ మార్చి నెల రోగుల జాబితాను 04/03/2024, 15/03/2024 అన్న తీరులో రాసి సీఎస్‌వీ ఫైలుగా పంపిందనుకుందాం. అందుకున్నవారి కంప్యూటర్ అమెరికా సెట్టింగులతో ఉంది. ఫైలుపై డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ మొదటి అంకెను నెలగా తీసుకుంటుంది. మార్చి 4న వచ్చిన రోగి ఏప్రిల్ 3న వచ్చినట్టు నమోదవుతాడు. పదిహేనో నెల లేదు కాబట్టి 15/03ను మాత్రం తేదీగా మార్చకుండా ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది.

హెచ్చరిక ఏదీ రాదు. అన్ని తేదీలూ తప్పితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇక్కడ నెలలో మొదటి 12 రోజులే తారుమారవుతాయి. ఏడాదిలో అలాంటివి 144. వాటిలో 1/1, 2/2 వంటి 12 తేదీలు ఎటునుంచి చదివినా ఒకటే. మిగిలిన 132 వేరే రోజుకు మారిపోతాయి.

గుర్తుపట్టే దారి ఉంది. ఎక్సెల్ తేదీలను గడిలో కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు జరుపుతుంది. ఒకే కాలమ్‌లో రెండూ కనిపిస్తే అనుమానించాల్సిందే. మన జాబితాలో ఇంకా స్పష్టమైన ఆనవాలు దొరుకుతుంది: మారిపోయినవి జనవరి నుంచి డిసెంబరు దాకా పరచుకుని, ప్రతి నెలా 3వ తేదీనే పడతాయి.

అలా తెరిచి సేవ్ చేసిన ఫైలును నమ్మకండి. పంపినవారి అసలు ఫైలుకే వెళ్లాలి. దాన్ని నేరుగా తెరవకుండా, Data మెనూలోని From Text/CSV ద్వారా తెచ్చి, Transform Data నొక్కి, తేదీ కాలమ్‌కు Using Locale కింద Date, English (India) ఎంచుకుంటే రోజు ముందు, నెల తర్వాత అని ఎక్సెల్‌కు తెలుస్తుంది.

నెల సరిగ్గా పడినా, టైమ్ జోన్ దగ్గర మరో తప్పు దొర్లుతుంది. కొన్ని ప్రోగ్రాములు పుట్టిన తేదీకి కూడా అర్ధరాత్రి సమయాన్ని తగిలించి దాచుకుంటాయి. భారత కాలమానం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంది. కాబట్టి మార్చి 4 అర్ధరాత్రి 12 గంటలు యూటీసీలో ఇలా మారుతుంది:

```
2024-03-04T00:00:00+05:30
2024-03-03T18:30:00Z
```

రెండూ ఒకే క్షణం. కానీ రెండో వరుసలో సమయాన్ని కత్తిరించి తేదీని మాత్రమే తీసుకుంటే, బిడ్డ పుట్టినరోజు ఒక రోజు వెనక్కి పోతుంది. పుట్టిన తేదీ క్షణం కాదు, క్యాలెండర్‌లోని రోజు. దానికి సమయమూ టైమ్ జోనూ జోడించడమే పొరపాటు. మీటింగు, విమానం బయల్దేరే వేళ వంటివి మాత్రం టైమ్ జోన్ లేకుండా రాయకూడదు.

ఇతరులకు ఫైలు పంపేటప్పుడు తేదీని 2024-03-04 అని, ఏడాది, నెల, రోజు వరుసలో రాయండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పేదీ అదే.