పన్ను అధికారి ఎదుట వ్యక్తిగత విచారణ

వర్తకునికి పన్నుల కార్యాలయం నుండి వచ్చే పత్రాలలో ఎక్కువ కలవరం కలిగించేది షోకాజ్ నోటీసు. "ఇంత పన్ను మీ నుండి ఎందుకు వసూలు చేయరాదో కారణం చూపండి" అన్నది దాని సారాంశం. దీనికి ఇచ్చే సంజాయిషీ రెండు దశలలో సాగుతుంది. మొదటిది వ్రాతపూర్వకమైన జవాబు. రెండవది అధికారి ఎదుట హాజరై చెప్పుకొనే వ్యక్తిగత విచారణ. మొదటి దానికి ఆడిటరును ఆశ్రయించేవారు సైతం రెండవ దానిని లాంఛనమాత్రంగా తలచి ఉత్త చేతులతో వెళ్ళడం కద్దు. నిజానికి ఆ రోజున దస్త్రంలో చేరే కాగితాల మీదనే తరువాతి ఉత్తర్వు, అవసరమైతే అప్పీలు కూడా ఆధారపడి వుంటాయి.

కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం, 2017లోని 75వ సెక్షను ఈ విచారణకు పునాది. పన్ను చెల్లించవలసిన వ్యక్తి వ్రాతపూర్వకంగా కోరినప్పుడు గాని, అతనికి ప్రతికూలమైన నిర్ణయం తీసుకోదలచినప్పుడు గాని అధికారి విచారణకు అవకాశం ఇచ్చి తీరవలెను. జవాబు దాఖలు చేసే డి.ఆర్.సి.-06 ఫారములో విచారణ కావలెనా, అక్కరలేదా అన్న గడి ఒకటి వున్నది. "వద్దు" అని గుర్తు పెట్టినప్పటికీ, ప్రతికూల నిర్ణయం తీసుకొనేటప్పుడు విచారణ తప్పదని 2022లో అలహాబాదు హైకోర్టు స్పష్టం చేసినది. అయినను "కావలెను" అని వ్రాయడమే క్షేమం. గడి విషయమై హైకోర్టు దాకా పోవలసిన అవసరం ఎవరికి?

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో స్టీలు పాత్రల వర్తకుడు ఒకరికి 2018–19 ఆర్థిక సంవత్సరానికి సంబంధించి 2023 డిసెంబరులో నోటీసు వచ్చినది. కొనుగోళ్లపై తాను కట్టిన పన్నుకు ఆయన తన రిటర్నులో తీసుకున్న జమకు, సరఫరాదారుల రిటర్నుల నుండి తయారైన 2ఎ పట్టికలో కనబడిన జమకు మధ్య 1,86,400 రూపాయల తేడా వున్నదని ఆరోపణ. ఆయన మొదట చేయవలసిన పని ఆ మొత్తాన్ని విడగొట్టడం. బిల్లులన్నీ పట్టికతో సరిచూడగా తేడా అంతా ముగ్గురు సరఫరాదారుల దగ్గర తేలినది. మొదటి వారు 92,000 రూపాయల పన్ను గల అమ్మకాలను రిజిస్ట్రేషను లేని కొనుగోలుదారుకు అమ్మినట్లు చూపినారు. రెండవ వారు 61,400 రూపాయల విషయంలో మరొకరి రిజిస్ట్రేషను నంబరు వేసినారు. మూడవ వారు అసలు రిటర్నే దాఖలు చేయలేదు. మిగిలిన 33,000 వారిది.

మొదటి రెండు పొరపాట్లకు పరిష్కారం వున్నది. 2017–18, 2018–19 సంవత్సరాల విషయమై కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్సు బోర్డు 2022 డిసెంబరు 27న 183వ నంబరు సర్క్యులరు జారీ చేసినది. సంవత్సరానికి ఒక్కొక్క సరఫరాదారు వద్ద తేడా అయిదు లక్షలకు మించకపోతే, తాను ఆ సరుకు అమ్మిన మాట నిజమేననీ, దానిపై పన్ను తన 3బి రిటర్నులో చెల్లించితిననీ ఆ సరఫరాదారు ఇచ్చిన ధ్రువపత్రం చాలును. అయిదు లక్షలు దాటితే చార్టర్డు అకౌంటెంటు ధ్రువపత్రం కావలెను. మూడవ వారి విషయంలో ఈ దారి లేదు. ప్రభుత్వానికి పన్ను ముట్టనిదే జమ చెల్లదన్నది 16వ సెక్షను షరతు. ఇచ్చట మరొక హెచ్చరిక కూడా అవసరం: 2022 జనవరి 1 తరువాతి బిల్లులకు ఈ ధ్రువపత్రం పనిచేయదు. సరఫరాదారు తన రిటర్నులో చూపి, అది కొనుగోలుదారుకు తెలియవచ్చిన బిల్లుకే ఇప్పుడు జమ లభిస్తుంది.

ఇక తీసుకొని వెళ్ళవలసినవి. అన్నిటికంటె పైన ఒకే పుటలో మూడు వరుసల పట్టిక: సరఫరాదారు, తేడా మొత్తం, కారణం, రుజువు ఏ పుటలో వున్నది. దాని క్రింద నోటీసు ప్రతి, జవాబు దాఖలైనట్లు రసీదు, ఆపైన రెండు ధ్రువపత్రాలు. ఆ తరువాత ఒక్కొక్క బిల్లు వెనుక దాని సరుకు వచ్చినట్లు లారీ రసీదు, ఇ-వే బిల్లు, స్టాకు పుస్తకంలో ఆ నాటి పుట, డబ్బు చెల్లించినట్లు బ్యాంకు స్టేట్‌మెంటు. సరుకు రాని బిల్లు ఒక్కటి కూడా లేదని అధికారికి నమ్మకం కలిగించేవి ఈ లారీ రసీదులే. ధ్రువపత్రం ఒక్కటే చూపి ఊరుకుంటే ప్రశ్న అక్కడికక్కడే వస్తుంది. పుటలన్నిటికీ నంబర్లు వేసి, సంతకం చేసి, రెండు ప్రతులు సిద్ధం చేసుకొని, ఒకటి అధికారికి ఇచ్చి రెండవ దానిపై అందినట్లు ముద్ర వేయించుకోవలెను. మాతృకలు చూపవలెనే గాని అప్పగించరాదు. బంధువు, ఉద్యోగి, న్యాయవాది, చార్టర్డు అకౌంటెంటు వంటి వారిని తన బదులు పంపవచ్చును. అప్పుడు అధికార పత్రం తప్పనిసరి. వీడియో ద్వారా విచారణ జరిగినప్పుడు ఈ కాగితాలను ముందుగానే పంపియుంచవలెను.

చెప్పవలసిన మాటలు కొద్దివే. "నోటీసులోని 1,86,400లో 1,53,400కు రుజువు వున్నది, 33,000 మేము ఒప్పుకొనుచున్నాము" అని అంకెతో మొదలుపెట్టితే అధికారి దృష్టి సరియైన చోట నిలుస్తుంది. కొంత ఒప్పుకోవడం వలన మిగిలినదానికి బలం వస్తుందన్నది నా అభిప్రాయం. అయితే ఒప్పుకోవడానికి వేళ వున్నది. ఈ నోటీసు వంటి 73వ సెక్షను కేసులలో, నోటీసు వెలువడిన 30 రోజులలోగా పన్ను, వడ్డీ చెల్లించినవారికి జరిమానా లేదు. 2024–25 నుండి వర్తించే 74ఎ సెక్షనులో ఈ గడువు 60 రోజులు. కనుక మన వర్తకుడు ఆ 33,000ను, 18 శాతం వడ్డీతో సహా, గడువులోనే కట్టి, ఆ చలానాను కూడా పేటీలో పెట్టుకొని, ఆ భాగంపై జరిమానా వేయవద్దని కోరవలెను. విచారణ రోజున కడతానంటే ఆ అవకాశం దాటిపోయి వుండవచ్చు.

తెలియని ప్రశ్నకు ఊహించి జవాబు చెప్పరాదు. "పుస్తకం చూచి ఫలానా తేదీలోగా వ్రాసి ఇస్తాము" అనడంలో తప్పు లేదు. "ఏదో ఒకటి వేసి ముగించండి" అన్న మాట ఎన్నడూ నోట రానీయరాదు. రికార్డులో అది అంగీకారంగా నమోదు కావచ్చు. గుమాస్తా తప్పు చేశాడనీ, వ్యాపారం దెబ్బతిన్నదనీ చెప్పుకొన్నా పన్ను తగ్గదు, ఆ అధికారం ఆయనకు లేదు. నోటీసులో లేని సంవత్సరాల సంగతి తనంతట తాను ఎత్తడం మరీ పొరపాటు. నోటీసులో చూపిన మొత్తానికి మించి, అందులో లేని కారణంపై ఉత్తర్వు ఇవ్వరాదని చట్టమే చెబుతున్నది గదా!

ఆ తేదీన రావడం సాధ్యం కాకపోతే వాయిదాను కారణంతో వ్రాతపూర్వకంగా కోరవలెను. ఒక కేసులో మూడు వాయిదాలకు మించి ఇవ్వడానికి వీలులేదు గనుక మొదటి దానినే తేలికగా ఖర్చు పెట్టరాదు.

విచారణ ముగిసిన తరువాత అధికారి వ్రాసిన విచారణ రికార్డును పూర్తిగా చదివి గాని సంతకం చేయరాదు. ధ్రువపత్రాలు, చలానా సమర్పించినట్లు అందులో లేకపోతే చేర్చమని అడగవలెను. కాదంటే అదే రోజున ఒక లేఖ వ్రాసి రసీదు తీసుకోవలెను. ఇది చాదస్తం కాదు. ఉత్తర్వు అందిన నాటి నుండి మూడు నెలలలోగా అప్పీలు చేసుకోవచ్చును గాని, క్రింది అధికారి ఎదుట పెట్టని సాక్ష్యాన్ని అక్కడ కొత్తగా చూపడానికి నియమావళిలోని 112వ నియమం అడ్డు నిలుస్తుంది. అధికారి తీసుకోవడానికి నిరాకరించినాడనో, తగిన కారణం చేత తేలేకపోయినాననో రుజువు చేసినవారికి ఆ తలుపు తెరుచుకొంటుంది. ఆ రుజువు రసీదు ముద్ర పడిన ఆ రెండవ ప్రతి, ఆ లేఖ.